కాయితంలో ఉన్న డ్రైవరు

షౌకత్‌ని ఆ క్యాంపులో షౌకత్ అని పిలిచేది ఇంజన్లకు నూనె పోసే ఏసయ్య ఒక్కడే, అదీ చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు. మిగతా జనానికంతా అతను మీరా సాహెబు. మీరా సాహెబు అతని అన్న. అన్న నరసరావుపేటలో మంచాన పడి దగ్గుతుంటే, తమ్ముడు రెంటచింతల దగ్గర కాలవ పనుల క్యాంపులో అన్న పేరు తగిలించుకుని ఇంజను తోలుతున్నాడు. ఇదేం చోద్యమని అడగబోకండి, అంతా ఒక కాయితం చేసిన పని.

అరవయ్యో సంవత్సరం, మే నెల. రెంటచింతల ఎండలో పది గంటలకే కళ్ల ముందు నేల కదులుతున్నట్టుంటుంది. దూరంగా కాలవ తవ్వే కూలీలు మోకాళ్ల దాకా నీళ్లలో నడుస్తున్నట్టు కనబడతారు. దగ్గరికెళితే నీళ్లూ ఉండవు, ఏమీ ఉండవు, సున్నపు ధూళి తప్ప. ఆ ఎడారిలో నిజమైన నీళ్లు ఒక్క చోటే ఉన్నాయి: వాగు పక్కన తవ్విన పెద్ద బావిలో. ఆ బావి మీద రేకుల షెడ్డు, షెడ్డులో రెండు డీజిలు ఇంజన్లు. వాటికి కట్టిన పంపులు బావి నీళ్లను గుట్ట మీది ఇనప ట్యాంకులోకి ఎక్కిస్తే, అక్కణ్ణించి ఆఫీసర్ల క్వార్టర్లకీ, కూలీల గుడిసెలకీ, కాంక్రీటు పనికీ వెళతాయి.

ఆ ఇంజన్లు నడిపే పని సర్కారు తన చేతిలో పెట్టుకోలేదు, కంట్రాక్టుకిచ్చింది. తీసుకున్నవాడు నరసరావుపేట పుల్లారావు. అగ్రిమెంటు ప్రకారం పొద్దున ఐదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ ట్యాంకులో పన్నెండు అడుగుల నీళ్లు ఉండాలి. తగ్గితే అడుక్కి పది రూపాయల జరిమానా. నెలలో మూడుసార్లు తగ్గితే నోటీసు. రెండు నోటీసులు పడితే పని లాక్కుని వేరేవాళ్ల చేత చేయించి, ఆ ఖర్చు కూడా పుల్లారావు నెత్తినే రుద్దుతారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ తరవాత మాటతోనే వచ్చింది తంటా అంతా. హెడ్ డ్రైవరుగా మీరా సాహెబు అనే మనిషే ఉండాలి. పేరు పెట్టి రాశారు. పై ఆఫీసు రాతమూలకంగా ఒప్పుకోకుండా అతన్ని మార్చకూడదు. మార్చినా, అతను క్యాంపు దాటి వెళ్లినా రోజుకి పదిహేను రూపాయలు. అసిస్టెంటు డ్రైవరుకీ, నూనె పోసేవాడికీ పేర్లు లేవు, ఇంజను తెలిసినవాడైతే చాలు.

పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. నరసరావుపేట పత్తి మిల్లులో పదిహేనేళ్లు ఇంజను తోలిన చెయ్యి మీరా సాహెబుది. బేరింగు వేడెక్కిందో లేదో చేతి వెనకవైపు ఆనించి చెప్పేవాడు. వాళ్ల నాన్న లాంతర్లకు మాట్లు వేసేవాడు, షౌకత్ ఏడేళ్లవాడై ఉండగా పోయాడు. అప్పట్నించి తమ్ముణ్ణి పెంచింది అన్నే. మిల్లుకి వెంటబెట్టుకుపోయి, వాడి అరచేతిని ఇంజను ఒంటి మీద పెట్టించి, కళ్లు మూసుకోమనేవాడు.

"ఇను. ఏమంటంది?"

"టక్ టక్ అంటంది భాయీ."

"అది అందరికీ ఇనపడుద్ది. టక్కుకీ టక్కుకీ మజ్జన ఏమంటందో అది ఇను."

ఆ మధ్యలో మాట వినడానికి షౌకత్‌కి పదేళ్లు పట్టింది. ఇప్పుడు నిద్రలో కూడా వినబడుతుంది. షెడ్డు వెనక నులక మంచం మీద పడుకుంటే, ఆ చప్పుడు మంచం కోళ్లలోంచి ఒంట్లోకి ఎక్కుతుంది. తనది నిద్రో, మెలకువో, తను బావి అడుగున ఉన్నాడో గుట్ట మీద ట్యాంకులో ఉన్నాడో తెలియని స్థితిలో నీళ్లతో పాటు పైపులో పైకి పోతున్నట్టుంటుంది. చల్లగా, చీకటిగా, ఎంతో హాయిగా ఉంటుంది. ఆ పైపు పొడవునా అన్న ఎక్కడో ముందు నడుస్తూ దగ్గుతుంటాడు.

ఆ దగ్గే ఫిబ్రవరిలో ముదిరింది. రక్తం పడేసరికి పుల్లారావు భయపడి అతన్ని నరసరావుపేటకి పంపించేశాడు. పంపించి, అన్న దగ్గర అసిస్టెంటుగా ఉన్న షౌకత్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్ షౌకతూ, మీ అన్న పది రోజుల్లో లేచి వస్తాడు. అందాకా సంతకం నువ్వు పెట్టు. రోజుకి పదిహేనంటే నేను ముండమోస్తానురా."

"ఆయన పేరు నేనెట్టా రాసేది అయ్యా?"

"రాసేదేముంది, అన్న పేరు తమ్ముడు రాస్తే పాపమా?"

పాత ఓవర్సీయరు అప్పుడే బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చిన శివరామయ్య గారికి ఎవరు మీరా సాహెబో ఏం తెలుసు? కనబడిన సాయిబే మీరా సాహెబు. తెలిసిన కూలీలు నోరు మెదపలేదు. నీళ్లొస్తున్నాయి, వాళ్లకదే పదివేలు. పది రోజులు నెలయింది, నెల మూడు నెలలయింది. రోజూ మూడింటికి ఓవర్సీయరు గారు గొడుగేసుకుని వచ్చి ట్యాంకు కింద నిలబడతారు. ట్యాంకు లోపల తేలే డబ్బాకి కట్టిన తాడు కప్పీ మీదుగా బయటికొచ్చి, అంకెలు రాసిన గేజి పలక మీద ఒక బాణాన్ని ఆడిస్తుంది. లోపల నీళ్లు పైకెక్కేకొద్దీ బయట బాణం కిందికి దిగుతుంది. అది అట్టడుగున పన్నెండు దగ్గర ఆగితే ఆయన పుస్తకంలో రాసుకుని చాపుతారు. హెడ్ డ్రైవరు సంతకం. షౌకత్ రాస్తాడు: మీరా సాహెబ్.

మొదట్లో రాసేముందు అటూ ఇటూ చూసేవాడు. తరవాత చూడ్డం మానేశాడు, అదే మరీ భయంగా ఉండేది. ఎవరైనా "సాయిబూ, మీరా సాయిబూ!" అని కేకేస్తే అన్నకంటే ముందు తనే తిరిగి చూసేవాడు. అన్న అక్కడ లేడుగా మరి! ఒక్కోసారి ఎండలో షెడ్డు గుమ్మంలో కూర్చుని, ఇంతకీ జబ్బుపడి నరసరావుపేటలో పడుకున్నది ఎవరు, ఇక్కడ కూర్చున్నది ఎవరు అని ఆలోచించేవాడు. ఆలోచన తెగేది కాదు. ఇంజను టక్ టక్ అంటూనే ఉండేది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా బాణం పన్నెండు తప్పలేదు. అన్నని చూడ్డానికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు. కాయితం ప్రకారం హెడ్ డ్రైవరు క్యాంపు దాటకూడదు.

ఆ వేళ తొమ్మిదిన్నర బస్సులో పుల్లారావు దిగాడు. పెద్ద పొట్ట, తడిసిన జుబ్బా. దిగినవాడు ఎప్పట్లా "నీళ్లెంతున్నయ్యిరా?" అని అడగలేదు. వచ్చి షెడ్డులో తిరగేసిన డబ్బా మీద కూలబడ్డాడు.

"ఏందయ్యా, ఈ ఎండలో వచ్చారు?" అన్నాడు ఏసయ్య.

పుల్లారావు తువ్వాలుతో మొహం అద్దుకున్నాడు. అద్దుకున్నది చెమటొక్కటే కాదు. "షౌకతూ, మీ అన్న పోయాడురా. తెల్లారుఝామున. సాయంత్రం అసర్ నమాజు కాంగానే తీసుకపోతారంట."

షౌకత్ చెయ్యి బేరింగు మీదే ఉంది. బేరింగు చల్లగానే ఉంది. ఇంజను ఏమీ తెలియనట్టు నడుస్తూనే ఉంది. ఆ టక్కుకీ టక్కుకీ మధ్య వినబడే మాట ఒక్కసారిగా వినబడకుండా పోయింది. అతనికి కాళ్లు కనబడలేదు, నేల కనబడలేదు. షెడ్డు గుమ్మంలోంచి చూస్తే ఎండలో మనుషులు నీళ్లలో నడుస్తున్నారు. అందులో ఒకడు అన్నలా నడుస్తున్నాడు.

"బస్సు మాచర్ల బోయి పదకొండున్నరకి తిరిగొస్తది. నేను పోతన్నా" అన్నాడు చివరికి.

పుల్లారావు లేచి దారికి అడ్డం నిలబడ్డాడు. "నువ్వు పోతే ఎట్టారా? మూడింటికి సంతకం? మీరా సాయిబేడీ అంటే ఏం చెప్పేది? అన్న చచ్చిపోయాడని శెలవడుగుతావా? నీకో అన్న ఉన్నాడని ఎవుడికి తెలుసు? నీ సావుకి నువ్వే పోతన్నానని చెప్తావా?"

మాట నోట్లోంచి జారాక తనకే భయమేసింది మనిషికి. గొంతు తగ్గించాడు. "పది రోజులు ఓపిక పట్టురా నాయనా. నెలాఖరుకి అగ్రిమెంటు గడువు అయిపోద్ది. కొత్త కాయితంలో నీ పేరే రాయిస్తా, నా బిడ్డల మీద ఒట్టు. ఇప్పుడు బయట పడ్డదా, నీ కొలువూ పోద్ది, నా కొంపా మునుగుద్ది. రేపు పొద్దున్నే పోయి సమాధి చూసొద్దువు."

పాపం, పుల్లారావు చెడ్డవాడు కాడు. భయస్థుడు. భయస్థుడి పక్కన బతకడం కంటే చెడ్డవాడి పక్కన బతకడం తేలికని నాకనిపిస్తుంది. ఆ మాట షౌకత్ అనుకోలేదు. అతను అనుకున్నది ఒకటే. రేపు పొద్దున సమాధి చూస్తే ఏం లాభం? పెంచిన మనిషి మీద మూడు పిడికిళ్ల మట్టి వెయ్యాలి. ఆ మట్టి ఇవాళే వెయ్యాలి.

"ఏసయ్యా, నువ్వు ఇంజను కాడ కూచుంటావా?"

"కూచుంటా గానీ, నువ్వేం చెయ్యబోతన్నావురా?" అన్నాడు ఏసయ్య.

 షౌకత్ నూనె చేతులు గుడ్డతో తుడుచుకుని ఎండలోకి దిగాడు. పుల్లారావు "ఒరేయ్, ఒరేయ్" అంటూ వెనక పరుగెత్తాడు. ఆఫీసు షెడ్డు రెండు ఫర్లాంగులు. ఆ రెండు ఫర్లాంగులూ షౌకత్ నడిచినట్టు లేదు, ఎవరో తనని మెల్లిగా మోసుకుపోతున్నట్టుంది.

శివరామయ్య గారు తడిపిన వట్టివేళ్ల తడక కింద కూర్చుని లెక్కలు చూస్తున్నారు. సన్నటి మనిషి, కళ్లజోడు. తలెత్తి, "ఏం మీరా సాహెబూ, గేజి తగ్గిందా?" అన్నారు.

"నేను మీరా సాయిబుని కాదండీ. ఆయన నా అన్న. ఇయ్యాళ పోయాడు. నేను షౌకత్‌ని, అసిస్టెంటుని."

వట్టివేళ్లలోంచి నీటి చుక్క బల్ల మీద పడింది. ఓవర్సీయరు గారు కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.

"మూడు నెలలు నా పుస్తకంలో దొంగ సంతకం పెట్టావా?"

"పెట్టానండీ."

"నా కళ్లముందు! నేను సాక్షి సంతకం చేశానే దాని కింద! నీకేమైనా మతి ఉందా? వీడికి లేకపోతే నీకైనా ఉండొద్దా?" అని గుమ్మంలో రొప్పుతున్న పుల్లారావు మీద విరుచుకుపడ్డారు. లేచి, బీరువాలోంచి ఒక దస్త్రం లాగి బల్ల మీద విసిరినట్టు పెట్టారు. ఇంగ్లీషులో ఉన్న కాయితాలు. వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పారు.

"ఇదిగో, నీ పదిహేను రూపాయల మాట. దీని కిందే, ఈ పక్క పేరాలోనే ఏముందో వినండి. పేరున్న మనిషి జబ్బుపడినా, చనిపోయినా, మూడు రోజుల్లో కంట్రాక్టరు రాతమూలకంగా తెలపాలి. అంతే పనితనమున్న ఇంకో మనిషి పేరు పంపాలి. పై ఆఫీసువాళ్లు వాడి పని చూసి ఒప్పుకునేదాకా పదిహేను రోజులు ఎలాంటి జరిమానా లేదు. వినబడిందా? జరిమానా లేదు! ఫిబ్రవరిలో ఒక్క కాయితం ముక్క రాసుంటే ఈపాటికి వీడి పేరే ఉండేది ఇక్కడ."

పుల్లారావు గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాడు. "నాకట్టా సదవలేదండీ..."

"ఎవరు చదివారు నీకు?"

"మా ఊళ్లో ప్లీడరు గుమాస్తా అండీ. ఒక్కో జరిమానా సదువుతా ఉంటే నాకు గుండె దడొచ్చిందండీ. చాల్లే ఆపవయ్యా బాబూ అన్నాను. ఆపేశాడండీ."

శివరామయ్య గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుల్లారావు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు. షౌకత్‌కి మాత్రం ఆ మాటలన్నీ చాలా దూరం నుంచి వినబడుతున్నాయి. ఒక పేరా. వేలెడంత పేరా. ఆ పేరా కింద మూడు నెలలు తన పేరు పాతిపెట్టి ఉంది. అన్నని చూడ్డానికి వెళ్లగలిగిన తొంభై రోజులు పాతిపెట్టి ఉన్నాయి. ఎవడో ఇంకో నాలుగు వాక్యాలు చదివుంటే, తను అన్న మంచం పక్కన కూర్చుని తల నిమిరేవాడు. అతనికి పుల్లారావు మీద కోపం రాలేదు, గుమాస్తా మీద రాలేదు. ఏడుపొచ్చింది. ఓవర్సీయరు ముందు, కంట్రాక్టరు ముందు, చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడుపు తగ్గింది. తరవాత శివరామయ్య గారు కుర్చీలో కూర్చుని, కలం తీశారు.

"చూడవయ్యా, నేను దాచను. మాచర్ల ఆఫీసుకి ఇవాళే రాస్తాను. ఇన్ని రోజుల జరిమానా పుల్లారావుకి పడుతుంది. దొంగ సంతకం సంగతి పైవాళ్లు తేలుస్తారు, నిన్ను పనిలోంచి తీసెయ్యమనొచ్చు. నేనూ చీవాట్లు తింటాను. అందులో ఎవరినీ తప్పించలేను."

"అట్టాగేనండీ."

"ఇక సెలవు సంగతి. హెడ్ డ్రైవరు క్యాంపు దాటకూడదు. నువ్వు హెడ్ డ్రైవరువి కాదని ఇప్పుడే చెప్పావు. అసిస్టెంటు పేరు ఈ కాయితంలో ఎక్కడా లేదు. ఇంజను తెలిసినవాడు ఒకడుండాలి, మూడింటికి పన్నెండు అడుగులుండాలి, అంతే. ఉన్నాడా ఒకడు?"

"ఏసయ్య ఉన్నాడండీ."

"ఇంకేం, సెలవు చీటీ రాసి వెళ్లు. నిన్ను ఆపే మాట ఇందులో ఒక్కటీ లేదు."

షౌకత్ కాయితం అందుకున్నాడు. రాయవలసింది రెండు ముక్కలు. కింద సంతకం దగ్గరకొచ్చేసరికి కలం తనంత తనే 'మీ' అని మొదలుపెట్టింది. ఆగి, దాన్ని చూసి, కొట్టేశాడు. పక్కన మెల్లగా, బళ్లో కొత్తగా అక్షరాలు దిద్దుతున్నట్టు, షౌకత్ అని రాశాడు.

బయటికొస్తుంటే పుల్లారావు చెయ్యి పట్టుకున్నాడు. జుబ్బా జేబులోంచి బస్సు చార్జీ తీసి చేతిలో కుక్కి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. "పో. బస్సు తప్పుద్ది. మీ వదినకి చెప్పు, నేను తప్పు చేశానని చెప్పు."

బస్సు గురజాల మీదుగా పోయింది. కిటికీలోంచి వడగాలి కొడుతుంటే కళ్లు మూసుకున్నాడు. ఇంజను చప్పుడు సీటు కింద నుంచి వచ్చి ఒంట్లోకి ఎక్కింది. నిద్ర కాదు, మెలకువా కాదు. చిన్నప్పటి మిల్లు, అన్న అరచెయ్యి, పత్తి పొట్టు మంచులా రాలడం. అన్న ఏదో అడుగుతున్నాడు. ఏమడుగుతున్నాడో వినబడేలోపు కండక్టరు పిడుగురాళ్ల అని అరిచాడు.

నాలుగు కాకముందే షౌకత్ ఇల్లు చేరాడు. వాకిట్లో బెంచీల మీద పెద్దలున్నారు. లోపల స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి ఉంచారు అన్నని. మొహం ఒక్కటే తెరిచి ఉంది. ఎంత చిన్నదైపోయిందో ఆ మొహం! వదిన ఖైరున్నీసా గోడకానుకుని కూర్చుని ఉంది. మరిదిని చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

షౌకత్ ఆమె ముందు కూలబడ్డాడు. "భాభీ, నన్ను మాఫ్ చెయ్యి. ఒక్కసారైనా రాలేకపోయా. ఆయన పేరు పెట్టుకుని తిరిగా. బతికున్న మనిషి పేరు దొంగతనం చేశా."

"ఏం మాటలయ్యా అయ్యి?" అంది ఖైరున్నీసా. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఆ పేరు మీదేగా ఇన్నాళ్లు పానం నిలుపుకున్నాడు! రెంటచింతల బస్సు దిగినోళ్లందరినీ పిలిపించి అడిగేవోడు, క్యాంపులో మీరా సాయిబు ఎట్టా చేస్తన్నాడని. చానా బాగా చేస్తన్నాడు, నీళ్లు ఒక్కనాడు తగ్గలేదనేవోళ్లు. ఇనుకుంటా నవ్వేవోడయ్యా. నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నానే, ఈడ పడున్నది ఎవుడో అనేవోడు. రాత్రి కూడా అడిగాడు నన్ను. మాట రావట్లేదు, అయినా అడిగాడు. ఇయ్యాళ ఎంతెక్కినయ్యే అని."

షౌకత్ అన్న పక్కకి జరిగాడు. నుదుటి మీద చేతి వెనకవైపు ఆనించాడు, అలవాటుగా. చల్లగా ఉంది.

నమాజు అయింది. పెట్టె ఎత్తారు. షౌకత్‌కి ముందు వైపు భుజం పట్టే చోటు దొరికింది. ఖబరస్తానులో మట్టి ఎర్రగా, మెత్తగా ఉంది. వరసగా ఒక్కొక్కరూ వచ్చి వేస్తున్నారు. తన వంతు రాగానే వంగి మూడు పిడికిళ్లు తీసుకుని వేశాడు. మూడోది వేశాక లేవలేదు. గుంట అంచున అట్టాగే మోకాళ్ల మీద కూర్చుని, మట్టి మీద అరచెయ్యి పరిచి, కళ్లు మూసుకున్నాడు.

మూడు దాటి చాలాసేపయింది. మూడు నెలల్లో మొదటిసారి, బాణం ఎక్కడ ఆగిందో అతనికి తెలియదు. ఏసయ్య పంపు బెల్టు సరిగా చూశాడో లేదో తెలియదు. ఎంతెక్కినయ్యని అడిగే అన్నకి అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"భాయీ, ఇయ్యాళ నేను చూళ్లేదు" అన్నాడు మెల్లగా. "ఏసయ్యకి అప్పజెప్పొచ్చా. నిండే ఉంటది. నువ్వింక దిగు, భాయీ. నీ డ్యూటీ అయిపోయింది."